ఉపాధి హామీకి 43 శాతం పెంచారా, పైసా కూడా పెంచలేదా?

డెస్క్‌లో కొత్త: 2024 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ఉపాధి హామీ కేటాయింపు 43 శాతం పెరిగిందనీ రాయొచ్చు, అసలు పెరగలేదనీ రాయొచ్చు. పాఠకుడికి ఏది చెప్పాలండీ?

పాత పద్దు: రెండూ సరైన లెక్కలే. 2023-24కి మొదట 60,000 కోట్లు పెట్టారు. అది చాలక సవరించిన అంచనాలో 86,000 కోట్లు చేశారు. 2024-25కి మళ్ళీ 86,000 కోట్లే ఇచ్చారు. 60,000తో పోలిస్తే 43 శాతం ఎక్కువ, 86,000తో పోలిస్తే తేడా సున్నా. నేనైతే మూడు అంకెలూ ఒకే వాక్యంలో రాస్తాను. హెడ్డింగ్‌లో శాతం ఒక్కటే పెడితే, దేనిమీద శాతమో పాఠకుడికి తెలిసే దారే ఉండదు.

సూటిగా: అంత గందరగోళం ఎందుకండీ? బడ్జెట్ అంచనాను నిరుటి బడ్జెట్ అంచనాతోనే పోల్చాలి, అదొక్కటే పద్ధతి. 2023లో 33 శాతం కోశారు, 2024లో 43 శాతం పెంచారు. నికరంగా 10 శాతం పెరిగినట్టేగా?

పాత పద్దు: ఆ 33 శాతం మీ పద్ధతిలో వచ్చింది కాదండీ. 2022-23 సవరించిన అంచనా 89,400 కోట్లతో 60,000ను పోలిస్తే వచ్చింది. ఆ ఏడాది మొదటి కేటాయింపు 73,000 కోట్లు. మీరన్నట్టు దానితో పోలిస్తే కోత సుమారు 18 శాతమే. ఇక ఆ రెండు శాతాలనూ కలిపి తీసేయడం కుదరదు. 33 శాతం లెక్కగట్టింది 89,400 మీద, 43 శాతం 60,000 మీద. రూపాయల్లో చూడండి: పోయింది 29,400 కోట్లు, తిరిగొచ్చింది 26,000 కోట్లు. 10 శాతం పెరగడం మాట అటుంచి, ఇంకా 3,400 కోట్లు తక్కువే.

సూటిగా: కలపడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ సవరించిన అంచనాతో పోలిస్తే తరచూ కోతలాగే కనిపిస్తుంది. ఏడాది మధ్యలో అదనంగా ఇచ్చే పథకానికి అది న్యాయమా?

చెరువుగట్టు: మా అమ్మ ఉపాధి పనికి వెళ్తుంది. ఒక ఏడాది కూలి డబ్బులు మార్చిలో ఆగి, మే నెలలో పడ్డాయి. అవి ఏ ఏడాది లెక్కలోకి వస్తాయి?

పాత పద్దు: పని పాత ఏడాదిది, చెల్లింపు కొత్త ఏడాది కేటాయింపులోంచి అమ్మా. అందుకే 86,000 కోట్లు మొత్తం కొత్త పనులకే అనుకోకూడదు. ముందు పాత బకాయిలు తీరాలి.

డెస్క్‌లో కొత్త: అయితే ఇలా రాస్తాను: "ఉపాధి హామీకి 86,000 కోట్లు, నిరుడు మొదట ఇచ్చింది 60,000, తర్వాత 86,000కు పెంచారు." శాతం తీసేశాను.

సూటిగా: హెడ్డింగ్‌కి అది పొడుగు. నేనైతే 43 శాతమే పెట్టి, దేనిమీదో కింద రాస్తాను.

పాత పద్దు: కింద దాకా చదివేవాళ్ళు ఎంతమందండీ?