స్లోప్ చార్ట్‌లో రెండు రాష్ట్రాల గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఏం చేయాలి?

శ్రావణి
2001, 2011 జనాభా లెక్కల మధ్య అక్షరాస్యత శాతం ఎంత పెరిగిందో, ఒక్కో రాష్ట్రం రెండు అంకెలను ఒక గీతతో కలిపే స్లోప్ చార్ట్‌లో చూపాలి. కేరళ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ తీసుకున్నాను. ఎక్సెల్‌లో లైన్ చార్ట్ వేస్తే అడుగున సంవత్సరాలకు బదులు రాష్ట్రాల పేర్లు వస్తున్నాయి. అది ఎలాగో సరిచేసినా ఎడమ వైపు ఆంధ్ర 60.47, రాజస్థాన్ 60.41 పేర్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి. కుడి వైపు యూపీ 69.72, ఆంధ్ర 67.02, రాజస్థాన్ 66.11.

కిరణ్88
ముందు నిలువు స్కేల్ సున్నా నుంచి మొదలుపెట్టండి. లేకపోతే చూసేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

మూర్తి_గుంటూరు
కిరణ్ గారూ, మీరన్నది కడ్డీల చార్ట్‌కు నిజం. అక్కడ కడ్డీ పొడవునే చదువుతాం కాబట్టి సున్నా ఉండాలి. ఇక్కడ చదివేది గీత వాలు, ఎవరు పైన ఎవరు కింద అన్నది. ఈ చార్ట్‌లో సున్నా పెడితే అడుగున 47 దాకా ఖాళీయే, పైన గీతలన్నీ ఇరుక్కుపోతాయి. 40 నుంచి 100 చాలు. కాకపోతే ఎడమ, కుడి రెండు వైపులా ఒకే స్కేల్ ఉండాలి. కుడి వైపుకు వేరే స్కేల్ పెడితే వాలుకు అర్థమే ఉండదు.

శ్రావణి గారూ, వరుసలు నిలువు గడుల కంటే ఎక్కువుంటే ఎక్సెల్ వరుసలను అడుగున పెడుతుంది. మీకు ఐదు రాష్ట్రాలు, రెండే సంవత్సరాలు కదా. Switch Row/Column నొక్కితే తిరుగుతుంది. 2001, 2011 శీర్షికలను కూడా అంకెలుగా కాకుండా ముందు ' పెట్టి టైప్ చేయండి, లేకపోతే వాటినీ డేటా అనుకోవచ్చు. ఆపైన అడుగు యాక్సిస్‌కు On tick marks ఎంచుకుంటే గీతలు రెండు అంచులకూ చేరతాయి. పేర్ల కోసం ప్లాట్ ఏరియాను రెండు వైపులా లోపలికి జరపండి.

పేర్లు కలిసిపోయే చోట గీతను కదపకండి, పేరును మాత్రమే కదపండి. ఎడమ వైపు ఆంధ్ర, రాజస్థాన్‌లకు తేడా 0.06 మాత్రమే. "ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్ 60" అని రెండింటికీ కలిపి ఒకే పేరు పెట్టొచ్చు.

ఒక్క అనుమానం. యూపీకి 69.72 ఎక్కడ తీసుకున్నారు?

లెక్కల మాస్టారు
నాదీ ఇలాంటిదే. మా మండలంలో పద్నాలుగు హైస్కూళ్ల పదో తరగతి ఉత్తీర్ణత రెండేళ్లకు ఇలాగే వేశాను. ఒక బడి గీత నిట్టనిలువుగా పడిపోయింది. అందరూ ఆ హెడ్మాస్టర్‌నే అడిగారు, నాకు చాలా బాధేసింది. తీరా చూస్తే అక్కడ పరీక్ష రాసింది తొమ్మిది మందే. ఒక్క పిల్లాడు తప్పితే పదకొండు పాయింట్లు పోతాయి. ఇప్పుడు పేరు పక్కన ఎంతమంది రాశారో వేస్తున్నాను. ముప్పై మంది కన్నా తక్కువున్న బడులకు గీత అసలు గీయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

శ్రావణి
మూర్తి గారూ, ఒక వెబ్‌సైట్‌లో చూసి తీసుకున్నాను. తప్పా?

మూర్తి_గుంటూరు
అది 2011లో మొదట వచ్చిన తాత్కాలిక లెక్క. తుది లెక్కలో యూపీ 67.68. మీ ఆంధ్ర 67.02, రాజస్థాన్ 66.11 తుది లెక్కలోవే. ఆంధ్ర తాత్కాలిక లెక్క 67.66. బీహార్‌కు కూడా 63.82 వేసి ఉంటే 61.80గా మార్చండి.

మీ చార్ట్‌లో చెప్పుకోదగ్గ విషయం యూపీ, ఆంధ్ర గీతలు దాటుకోవడమే. 2001లో యూపీ 56.27తో నాలుగు పాయింట్లు కింద ఉంది, 2011లో పైకి వెళ్లింది. తుది లెక్కలతో చూస్తే 0.66 పాయింట్లే పైన. మీరు కలిపిన లెక్కలతో చూస్తే 2.7 అవుతుంది. దాటడం రెండింటిలోనూ నిజమే, ఎంత దాటిందన్నదే తప్పు. అందుకే ఆ రెండు గీతలకు మాత్రం రంగు వేసి మిగతావి బూడిద రంగులో ఉంచండి.

హరిణి_హెచ్
మరి తెలంగాణ గీత ఏది? రెండు రాష్ట్రాలూ విడిగా చూపించాలి కదా.

శ్రావణి
హరిణి గారూ, ఆ రెండు జనగణనల నాటికి ఒకటే రాష్ట్రం. అందుకే "ఉమ్మడి" అని రాశాను. పేరు పక్కన చిన్నగా వివరం పెడతాను.

కిరణ్88
సరే, సున్నా మాట ఒప్పుకుంటున్నాను. కానీ కేరళ 90.86 నుంచి 94కే వచ్చింది, బీహార్ 47 నుంచి 61.80కి. వాలు చూసి కేరళ ఏమీ చేయలేదనుకోరా?

మూర్తి_గుంటూరు
అనుకుంటారు. 100 దాటలేని లెక్కలో పైనున్నవాళ్ల గీత చదునుగానే ఉంటుంది. చదవడం రానివాళ్ల శాతం వేస్తే కేరళలో 9.14 నుంచి 6కి దిగింది, అంటే మూడో వంతు తగ్గింది. బీహార్‌లో 53 నుంచి 38.20కి, అదీ మూడో వంతు కంటే కాస్త తక్కువే. కానీ ఆ తగ్గిన వంతు వాలులో కనబడదు. దాన్ని పక్కన రెండో చార్ట్‌గా పెట్టాలా, కింద ఒక వాక్యం రాస్తే చాలా అన్నది నేనూ ఆలోచిస్తున్నాను.

శ్రావణి
అంకెలు మార్చి మళ్లీ వేశాను. కుడి వైపు 67.68, 67.02, 66.11 మూడూ ఇరుక్కున్నాయి. అక్కడ కలిపి ఒకే పేరు పెడితే దాటిన సంగతి పోతుంది కదా?

లెక్కల మాస్టారు
పోతుంది. అక్కడ పేర్లను ఒకదాని కింద ఒకటి విడదీసి, సన్నటి గీతతో కలపండి. నేను బడులకు అలాగే చేశాను, చేత్తో చేయడానికి గంట పట్టింది.