దిర్హాం రేటు పెరిగేదాకా డబ్బు ఆపడం లాభమేనా?

దేవరకొండ ఆడబిడ్డ
మా ఆయన షార్జాలో పనిచేస్తారు. జీతం 2,400 దిర్హాంలు, అందులో 2,000 నెలనెలా పంపుతారు. ఆ రోజు ఫోన్‌లో చూస్తే దిర్హాం 24.50 ఉంది, అంటే 49,000 రావాలి. నా పాస్‌బుక్‌లో 48,188 పడింది. మిగతా 800 ఎటు పోయింది? ఇంకోటి, "రూపాయి పడిపోతోంది, మూడు నెలలు ఆపి ఒకేసారి పంపితే లాభం" అంటున్నాడు మా బావ. వీసాకని తెచ్చిన లక్షన్నర అప్పు అలాగే ఉంది. ఏం చేయాలి?

కల్వకుర్తి కుర్రోడు
అక్కా, ఆ కౌంటర్ మానేయమనండి. ఛార్జీ అసలు తీసుకోని యాప్‌లు ఉన్నాయి, వాటిలో పంపితే రూపాయి కూడా పోదు. ఇక మీ బావ చెప్పిందే కరెక్ట్. 2025 మొదట్లో దిర్హాం 23.30 దగ్గర ఉండేది, ఏడాది చివరికి 24.50కి వచ్చింది. ఆపుకున్నవాళ్లకు దిర్హాంకు రూపాయి పైన మిగిలింది. లెక్క కళ్ల ముందే ఉంది కదా.

మిర్యాలగూడ మాస్టారు
మా అబ్బాయి టెక్సాస్‌లో ఉన్నాడు. అమెరికాలో డబ్బు పంపితే ఒక శాతం పన్ను పెట్టారని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఇక్కడ కూడా నా మీద పన్ను పడుతుందా? ఈ అమ్మాయికి తగ్గిన 800 కూడా అదేనేమో!

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
షార్జాలో ఎక్స్ఛేంజ్ కౌంటర్ వెనక పదకొండేళ్లు కూర్చుని వచ్చినవాణ్ణి. మాస్టారూ, ముందు మీ భయం తీరుస్తాను. ఆ ఒక శాతం 2026 జనవరి 1 నుంచి వచ్చింది, అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివి ఇచ్చి పంపేవాళ్లకే. మీ అబ్బాయి తన బ్యాంకు ఖాతా నుంచి పంపుతుంటే అది పడదు. కొడుకు తండ్రికి ఇచ్చిన డబ్బు మీద ఇక్కడ మీకు ఆదాయపు పన్ను లేదు. గల్ఫ్ వాళ్లకూ ఆ పన్నుకూ సంబంధమే లేదు.

చెల్లె, నీ లెక్క చెప్పాలంటే రెండు సంగతులు కావాలి. మీ ఆయన దగ్గర కౌంటర్ వాళ్లిచ్చిన స్లిప్ ఉంటుంది, ఫోటో తీసి పంపమను. దాని మీద రేటు, ఛార్జీ, ఇండియాలో పడే రూపాయలు, ఈ మూడూ ఉంటాయి. రెండోది, ఆ లక్షన్నర మిత్తి ఎంత?

దేవరకొండ ఆడబిడ్డ
స్లిప్ పంపారు అన్నా. రేటు 24.35 అని ఉంది. ఛార్జీ 20, దాని కింద వ్యాట్ 1. పంపిన మొత్తం 1,979. రూపాయలు 48,188.65. మిత్తి నూటికి రెండు రూపాయలు, నోటు రాసిచ్చాం.

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
స్లిప్ మీద ఉన్నదీ పాస్‌బుక్‌లో పడ్డదీ ఒకటే. అంటే దారి మధ్యలో ఎవరూ కోయలేదు, పోయిందంతా షార్జాలోనే పోయింది. ఎప్పుడైనా స్లిప్ కంటే పాస్‌బుక్‌లో తక్కువ పడితే అప్పుడు కోత మధ్యలో ఉన్న బ్యాంకులోనో ఇక్కడి బ్యాంకులోనో పడిందని అర్థం. కౌంటర్లో దిర్హాంలను అక్కడే రూపాయలు చేసి పంపుతారు కాబట్టి సాధారణంగా అలా జరగదు. బ్యాంకు నుంచి బ్యాంకుకు విదేశీ కరెన్సీగానే పంపిస్తే వేరు. మధ్య బ్యాంకు తన ఛార్జీ తీసుకుంటుంది, మార్చేది ఇక్కడి బ్యాంకు కాబట్టి దాని రేటే నడుస్తుంది, ఆ మార్పిడి మీద జీఎస్టీ కూడా పడుతుంది.

ఇప్పుడు నీ 811 రూపాయలు చూద్దాం. ఛార్జీ, వ్యాట్ కలిపి 21 దిర్హాంలు, 24.50 లెక్కన 514 రూపాయలు. ఇది కంటికి కనబడేది. మిగతా 297 రూపాయలు రేటులో ఉన్నాయి. ఫోన్ 24.50 అంటే కౌంటర్ 24.35 ఇచ్చింది, దిర్హాంకు 15 పైసలు, 1,979 దిర్హాంల మీద లెక్కేసుకో. ఫోన్‌లో చూపించేది పెద్ద బ్యాంకులు తమలో తాము కొనే, అమ్మే ధరల నడిమి రేటు. ఆ రేటుకు మనలాంటి వాళ్లకు ఎవరూ ఇవ్వరు. 15 పైసల తేడా అన్యాయమేమీ కాదు. 40 పైసలైతే మాత్రం వేరే కౌంటర్ చూసుకోమను.

అసలు రేటు ఎంతో ఫోన్ లేకుండానే తెలుసుకోవచ్చు. దిర్హాంను డాలర్‌కు కట్టేశారు, డాలర్‌కు 3.6725 దిర్హాంలు, అది కదలదు. టీవీలో డాలర్ 90 అన్నారంటే దాన్ని 3.6725తో భాగిస్తే 24.50 వస్తుంది. సౌదీ వాళ్లయితే 3.75తో భాగించుకోవాలి. కాబట్టి "దిర్హాం పెరిగింది" అనేదంతా డాలర్ ముందు రూపాయి తగ్గడమే, షార్జాలో ఏమీ మారలేదు.

జీతం రూపాయల్లో ఎంత అని ఎవరైనా అడిగినా ఫోన్ రేటుతో గుణించి చెప్పొద్దు. పాస్‌బుక్‌లో పడ్డ రూపాయలను మీ ఆయన జేబులోంచి పోయిన దిర్హాంలతో భాగించు. 48,188ని 2,000తో భాగిస్తే 24.09. నీ ఇంటి నిజమైన రేటు అదీ.

కల్వకుర్తి కుర్రోడు
అన్నా, మీరే 514 ఛార్జీకి పోయింది అంటున్నారు. నేను చెప్పిన యాప్‌లో ఆ 514 ఉండదు కదా! కౌంటర్ వైపు మాట్లాడుతున్నారు మీరు.

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
తమ్మీ, అదే రోజు నీ యాప్‌లో ఏ రేటు ఉందో చెప్పు.

కల్వకుర్తి కుర్రోడు
మా అన్న అదే రోజు పంపాడు, 24.05.

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
2,000 దిర్హాంలు, 24.05, ఛార్జీ సున్నా. 48,100 వస్తుంది. చెల్లెకు కౌంటర్లో 48,188 వచ్చింది. ఛార్జీ తీసుకోని యాప్ 88 రూపాయలు తక్కువ ఇచ్చింది. వాళ్లు ఛార్జీని రేటులో కలిపేస్తారు, కనబడదు అంతే.

అయితే నీ మాటలో సగం నిజం ఉంది, అది కూడా చెప్పాలి. మీ అన్న ఎంత పంపుతాడు?

కల్వకుర్తి కుర్రోడు
వారం వారం 500.

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
అలాగైతే మీ అన్న చేసేదే సరైనది. 500 దిర్హాంలకు యాప్‌లో 12,025 వస్తుంది. కౌంటర్లో 21 పోగా మిగిలిన 479కి 11,663. యాప్‌తో 360 రూపాయలు మిగులుతాయి. కౌంటర్ ఛార్జీ ఎంత పంపినా అదే 21, యాప్ కోత మాత్రం పంపేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు రేట్ల మధ్య 1,700 దిర్హాంల దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకు తక్కువైతే యాప్, ఎక్కువైతే కౌంటర్. రేట్లు మారితే ఆ గీత కూడా జరుగుతుంది, అందుకే పంపే ముందు రెండింటిలోనూ "ఇండియాలో ఎన్ని రూపాయలు పడతాయి" అని అదొక్కటే చూడాలి.

ఇంకో మాట. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది, సోమవారం ఎటు తెరుచుకుంటుందో తెలియదు. మేం ఆ రెండు రోజులూ రేటు కొంచెం తగ్గించి పెట్టేవాళ్లం. సెలవు చూసుకుని ఆ రోజుల్లో వచ్చి క్యూలో నిలబడ్డ పనివాళ్లకు ఆ తక్కువ రేటే దొరికేది. ఇన్నేళ్లయినా నాకు అది గుచ్చుకుంటుంది. వీలైతే వారం మధ్యలో పంపమను, చెల్లె.

కల్వకుర్తి కుర్రోడు
సరే, ఆ లెక్క ఒప్పుకుంటున్నా. ఆపడం సంగతేంటి మరి? ఏడాదిలో దిర్హాంకు రూపాయి ఇరవై పైసలు పెరిగింది, అది అబద్ధం కాదు.

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
అబద్ధం కాదు. రూపాయి ఇరవై పైసలను పన్నెండు నెలలకు పంచితే నెలకు పది పైసలు. దాన్ని నూటికి రెండు రూపాయల మిత్తి పక్కన పెట్టి చూడు.

చెల్లె ఇంటి ఖర్చుకు ఎలాగూ నెలనెలా డబ్బు కావాలి, అంటే ఛార్జీ ఎలాగూ కట్టాలి. ఆపగలిగేది అప్పుకు కట్టే భాగమే. అది 20,000 అనుకుందాం, 830 దిర్హాంలు. మొదటి నెలది రెండు నెలలు ఆపితే దిర్హాంకు 20 పైసలు, 166 రూపాయలు. రెండో నెలది ఒక నెల ఆపితే 83. మొత్తం 249 మిగులుతుంది. ఆపకుండా ఏ నెల డబ్బు ఆ నెలే అసలుకు కడితే? ప్రతి 20,000 మీద నెలకు 400 మిత్తి ఆగిపోతుంది. మొదటిది రెండు నెలలు, రెండోది ఒక నెల, మొత్తం 1,200. రేటు ఆశతో 249 కోసం 1,200 పోగొట్టుకోవడం ఇది. మిత్తితో సరితూగాలంటే దిర్హాం నెలకు దాదాపు 50 పైసలు పెరుగుతూ పోవాలి.

పైగా రేటు ఎప్పుడూ ఒకే వైపు నడవదు. అదే 2025లో ఫిబ్రవరిలో 23.80 దగ్గర ఉన్నది మే మొదట్లో 23 కిందికి దిగింది. మూడు నెలలు ఆపినవాళ్లు 80, 90 పైసలు పోగొట్టుకున్నారు. అలా ఆపి బాధపడ్డవాళ్ల ముఖాలు నేను కౌంటర్లో ఎన్నోసార్లు చూశాను.

అచ్చంపేట రైతుబిడ్డ
అన్నా, మీ లెక్క కాగితం మీద బాగానే ఉంది. మా ఊళ్లో షావుకారు ఇరవై వేలు తెస్తే తీసుకోడు. "మిత్తి ఇచ్చిపో, అసలు ఒకేసారి తే" అంటాడు. మా తమ్ముడు సౌదీ పోయినప్పుడు మూడేళ్లు అదే నడిచింది. అలాంటి చోట నెలనెలా పంపినా మిత్తి ఒక్క పైసా తగ్గదు కదా. అప్పుడు అక్కడ ఆపితే తప్పేంటి?

పాత కౌంటర్ మనిషి, నారాయణపేట
ఇది నిజమైన ప్రశ్న. షావుకారు విడతలు తీసుకోకపోతే నా 1,200 లెక్క చెల్లదు, ఆ డబ్బు షార్జాలో ఉన్నా దేవరకొండలో ఉన్నా మిత్తి అంతే. అప్పుడు మిగిలేది రేటు ఒకటీ, భద్రత ఒకటీ. పదిమంది ఉండే గదిలో పెట్టె కింద నగదు దాచడం నాకు మాత్రం నచ్చదు. ఖాతాలో ఉంటే ఆపుకోవచ్చేమో, అది మీ ఆయన గుండె ధైర్యాన్ని బట్టి. లేకపోతే ఇక్కడి బ్యాంకులో పెట్టుకుని, మొత్తం కూడగానే తీర్చేయొచ్చు.

విడతలు తీసుకునేవాడైతే మాత్రం ఒకటి మరవొద్దు. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించు, సంతకం పెట్టించు. నోటిమాట మీద ఇచ్చిన ఇరవై వేలు తర్వాత మిత్తి కిందకి పోయిందంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

అచ్చంపేట రైతుబిడ్డ
చెల్లు రాయమంటే రెండోసారి అప్పు పుట్టదని భయపడతారు మనవాళ్లు. అది మీ లెక్కలో లేదు అన్నా.

దేవరకొండ ఆడబిడ్డ
మా షావుకారును ఇవాళ పొద్దున అడిగాను. పది వేలకు తక్కువైతే తీసుకోనన్నాడు, అంతకు పైనైతే సరే అన్నాడు. చెల్లు సంగతి అడగలేదు, మా మామను తీసుకుని ఆదివారం పోతాను. మా ఆయన ఈ నెల బుధవారం పంపుతానన్నారు.