తెనాలిలోని అమ్మానాన్నలకు హద్దు పెట్టి యూపీఐ ఇవ్వడం ఎలా?

డాలస్ నుంచి, కొత్తగా వచ్చిన సభ్యుడు:
సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈమధ్యనే డాలస్ వచ్చాను. తెనాలిలో అమ్మ, నాన్నగారు ఇద్దరే ఉంటారు. నాన్నగారికి పెన్షన్ వస్తున్నా, మందులు, పాలు, కూరగాయల ఖర్చు నా ఖాతా నుంచే వెళ్లాలని నా కోరిక. ఇద్దరికీ ఫోన్‌తో చెల్లించడం అలవాటే. నా పిన్ వారికి చెప్పకుండా, నెలకు ఇంతే అని హద్దు పెట్టే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

న్యూజెర్సీ నుంచి:
మన ఖాతా నుంచి ఇంటివారు తమ ఫోన్‌తో చెల్లించుకునే వీలిచ్చే యూపీఐ సర్కిల్ పెట్టండి. కుటుంబం మొత్తానికి నెలకు 15,000 రూపాయలు వాడుకోవచ్చు కాబట్టి ఇద్దరికీ చెరి సగం పంచండి. ప్రతి చెల్లింపునూ మీరే ఆమోదిస్తారు గనుక మోసానికి తావుండదు.

మస్కట్ నుంచి:
న్యూజెర్సీ అన్నగారు చెప్పిన దారి సరైనదే కానీ, అందులో రెండు విషయాలు కలిసిపోయాయి. 2024లో వచ్చిన ఈ సర్కిల్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో వారు చెల్లించబోయిన ప్రతిసారీ మీ ఫోన్‌కు అభ్యర్థన వస్తుంది, మీరు మీ పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. రెండవదానిలో నెలవారీ హద్దును మీరు ముందే నిర్ణయిస్తారు, ఆ లోపల వారు మిమ్మల్ని అడగనవసరం లేదు. 15,000 పరిమితి ఈ రెండవ పద్ధతికే చెందుతుంది, అది కూడా ఒక్కొక్కరికి విడిగా వర్తిస్తుంది. ఒక్కసారికి 5,000 దాటి చెల్లించడం కుదరదు.

తమ్ముడూ, మీకు రెండవదే నప్పుతుంది. తెనాలిలో మధ్యాహ్నం రెండు గంటలకు నాన్నగారు మందుల కొట్టు దగ్గర నిలబడితే, వేసవిలో డాలస్‌లో తెల్లవారుజామున మూడున్నర అవుతుంది. నిద్రలో ఉన్న మీ ఆమోదం కోసం ఆయన కొట్టువాడి ముందు ఎంతసేపని ఎదురుచూస్తారు? అన్ని యాప్‌లలోనూ ఈ పద్ధతి కనిపించదు కాబట్టి, మీ యాప్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

అమర్చే ముందు వారి నంబర్లు మీ ఫోన్ కాంటాక్టులలో ఉండాలి, ఎందుకంటే అక్కడినుంచే ఎంచుకోవాలి తప్ప నంబరు టైపు చేయనివ్వదు. తరువాత వారి యూపీఐ ఐడీ ఇచ్చిగానీ, క్యూఆర్ స్కాన్ చేసిగానీ చేర్చి, నెలవారీ హద్దు పెట్టండి. వారి ఫోన్‌కు వచ్చే ఆహ్వానాన్ని మీరు వీడియో కాల్‌లో ఉండగానే అంగీకరింపజేయండి. వారి వైపు పిన్ ఉండదు, యాప్ తాళం మాత్రమే ఉంటుంది. పెద్దవారి వేలిముద్రలు అరిగి ఒక్కోసారి పడవు గనుక అంకెల తాళం కూడా నేర్పండి.

డాలస్ సభ్యుడు:
అక్కా, చాలా కృతజ్ఞతలు. నాన్నగారికి మందులు దాదాపు 4,000, పాలు 2,400, కూరగాయలు 3,000 అవుతున్నాయి. ఆయనకు 11,000, అమ్మకు 5,000 పెడితే సరిపోతుందా?

మస్కట్ నుంచి:
సరిపోతుంది. అయితే మందుల బిల్లు ఎప్పుడైనా 5,000 దాటితే చెల్లింపు ఆగిపోతుంది, కాబట్టి పదిహేను రోజులకొకసారి కొనమనండి. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. చెల్లించే తెరపై నాన్నగారి పెన్షన్ ఖాతా, మీ సర్కిల్ ఖాతా రెండూ ఉంటాయి. పొరపాటున పెన్షన్ ఖాతా తగిలితే అది పిన్ అడుగుతుంది. ‘పిన్ అడిగితే అది మన అబ్బాయి ఖాతా కాదు, వెనక్కి రావాలి’ అని ఒక్క మాట గుర్తుంచుకోమనండి. ప్రతి చెల్లింపు సమాచారం మీకు వస్తుంది. అనుమానం కలిగితే ఆ క్షణమే వారిని సర్కిల్ నుంచి తీసేయవచ్చు.

మెల్‌బోర్న్ నుంచి, ఒక పెద్దాయన:
బాబూ, నేను మా అమ్మకు ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చి వచ్చాను, ఇన్నేళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు. ఆసుపత్రిలో అర్ధరాత్రి లక్ష రూపాయలు కట్టమంటే ఈ సర్కిల్ ఏం చేస్తుంది?

మస్కట్ నుంచి:
బాబాయిగారూ, ఆ పని దీనికి అప్పగించకూడదు. ఆసుపత్రి ఖాతా వివరాలు తెప్పించుకుని అబ్బాయే ఐఎంపీఎస్‌లో పంపవచ్చు, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. కార్డుతోపాటు పిన్ కూడా ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు డబ్బు పోతే, నష్టం మనదేనని బ్యాంకు అంటుంది. అందుకే ఆ పద్ధతిని నేను సమర్థించలేను.

న్యూజెర్సీ నుంచి:
ఒక్కొక్కరికి విడిగా అని నాకు తెలియదు, ధన్యవాదాలు. కానీ దేశం విడిచి వచ్చాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చాలి కదా. ఆ ఖాతాతో సర్కిల్ నడుస్తుందా? మా బ్యాంకులో యూపీఐ వచ్చింది గానీ సర్కిల్ రాలేదు.

మస్కట్ నుంచి:
నాకు ఎన్ఆర్ఓ ఖాతాతోనే నడుస్తోంది, కానీ నా భారతీయ సిమ్‌ను రోమింగ్‌లో ఉంచుకున్నాను. విదేశీ నంబర్లతో యూపీఐకి 2023లో అనుమతి వచ్చిన దేశాలలో అమెరికా, ఒమాన్ రెండూ ఉన్నాయి. అయినా ఏ బ్యాంకు ఎంతవరకు ఇస్తున్నదో ఆ బ్యాంకునే అడగాలి.

డాలస్ సభ్యుడు:
నా ఖాతా ఇంకా మార్చలేదు. ముందు మార్చి, సర్కిల్ సంగతి బ్యాంకును అడుగుతాను. ఇక్కడి నంబరుతోనే, ఎన్ఆర్ఓ ఖాతాపై సర్కిల్ నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.