సమస్య: ఉప్పు లేని పప్పె గొప్ప విందు

సమస్య ఇచ్చినవారు (ఖమ్మం):
ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ఉప్పు–గొప్ప ప్రాసయతి సరిపోయింది.

ఇది నిజంగా జరిగిన విషయం. 2008లో అమీర్‌పేట గదిలో మేం నలుగురం ఉండేవాళ్లం. ఒక నెలాఖరున ఉప్పు ప్యాకెట్ కొనడానికి కూడా డబ్బుల్లేక బావ చప్పటి పప్పే వండాడు, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అప్పటి నుంచి మా నలుగురికీ "ఉప్పు లేదు" అంటే డబ్బుల్లేవని. ఆదివారం బావకి నలభై నిండుతాయి. మా కుటుంబం గ్రూపులో 36 మంది ఉన్నారు. పోయినేడు "ఈసారైనా ఉప్పుందా బావా?" అని పెడితే నవ్విన బొమ్మలు మూడే వచ్చాయి. అత్తయ్య ఫోన్ చేసి "వాడికి బీపీ వచ్చిందా?" అని టెన్షన్ పడింది. ఈసారి ఆ మాట ఉండాలి, అందరికీ అందాలి. పూరించండి.

కాకినాడ అక్క:

> నాటి గదిని తలచి నవ్వుకొందుము బావ!
> మనకు మాత్ర మెరుక మరుపు లేదు
> పుట్టినట్టి రోజు పూట చెప్పెద నేడు
> ఉప్పు లేని పప్పె గొప్ప విందు

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి (తెనాలి):
నాకూ పోయినేడు డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారు. అనుభవంతో రాస్తున్నాను.

> రక్తపోటు వచ్చి రాత్రి నిద్దుర లేదు
> వైద్యు డొకడు చెప్పె వాస్తవముగ
> నోటి రుచిని విడిచి నోరు కట్టుట మేలు
> ఉప్పు లేని పప్పె గొప్ప విందు

నల్గొండ మాస్టారు:
తెనాలి వారి పద్యంలో గణాలు, యతులు శుద్ధంగా ఉన్నాయి. సమస్య కూడా విడింది. కానీ పుట్టినరోజు పద్యం కాలేదు. పైగా గ్రూపులో పెడితే అత్తయ్యగారి అనుమానం ఖాయమైపోతుంది.

అక్కా, మీ పద్యం ధార బాగుంది. మూడో పాదంలో "రోజు", "పూట", "నేడు" మూడూ ఒకటే, గణాల కోసం నింపినట్టుంది. అసలు చిక్కు రెండో పాదంలో ఉంది. "మనకు మాత్రమెరుక" అన్నాక మిగతా 32 మంది ఏం చేయాలి? తలుపు వేసి లోపల నవ్వుకుంటున్నట్టు ఉంటుంది.

అవధానంలో చూడండి. పృచ్ఛకుడు సమస్యను అందరికీ వినబడేలా చదువుతాడు. ఆ ముడి తెలిసింది కాబట్టే విప్పినప్పుడు సభంతా చప్పట్లు కొడుతుంది. ముడి నలుగురి చెవిలోనే చెప్పి, విప్పడం మాత్రం అందరి ముందూ చేస్తే ఎవరికి ఆనందం? "డబ్బుల్లేక వండాడు" అన్న ముక్క మొదటి రెండు పాదాల్లోనే రావాలి.

కాకినాడ అక్క:
ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ విడమరిచి చెబితే ఆ నలుగురికీ మజా పోదా?

నల్గొండ మాస్టారు:
కొంత పోతుంది. అందుకే మీ పద్యం బావగారికి విడిగా పంపితే సరిగ్గా సరిపోతుంది. గ్రూపుకి వేరేది కావాలి.

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:

> జేబు ఖాళి యైన చేతితో మా బావ
> నలుగురికిని వండి నాడు పెట్టె
> నలుబదేండ్ల బావ నవ్వితే మనకెల్ల
> ఉప్పు లేని పప్పె గొప్ప విందు

నల్గొండ మాస్టారు:
ఇది కావలసింది! ఎందుకు చప్పటి పప్పో చెప్పకుండానే తెలిసింది. "మా" దగ్గర మొదలై "మనకెల్ల" దగ్గరికి వచ్చారు, అంటే నలుగురి కథ 36 మందిదైంది. మొదటి పాదంలోనే "మన బావ" అన్నా గణం చెడదు, ఆలోచించండి.

కాకినాడ అక్క:
అందరికీ బావ కాడు కదా! పిల్లలకి మావయ్య, కొందరికి అన్నయ్య. "మనవాడు" అంటేనో? మూడో పాదమూ మార్చాలి.

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:
గణం కుదురుతుంది గానీ, చిన్నవాళ్లు ఆ మాట అనలేరక్కా.

తెనాలి:
"మనకెల్ల" తర్వాత "ఉప్పు" వచ్చింది. సంధి చేయకుండా వదలొచ్చా?

నల్గొండ మాస్టారు:
పాదం చివర విరామం ఉందని నేను వదిలేస్తాను. ఒప్పుకోని పెద్దలున్నారు. అంతకంటే ముఖ్యం, తమ్ముడూ, బావగారిని అడిగారా? గ్రూపులో ఆయన అత్తమామలు ఉన్నారా? "జేబు ఖాళి" అన్నది వాళ్ల ముందు ఆయనకి ఇబ్బంది అవ్వచ్చు.

సమస్య ఇచ్చినవారు:
ఉన్నారు మాస్టారూ. ఇప్పుడే ఫోన్ చేశాను. పప్పు సంగతి చెప్పమన్నాడు, అప్పటి చేబదులు మాట మాత్రం ఎత్తొద్దన్నాడు. డాలస్ అక్క పద్యం పెడుతున్నాను. పైన "2008, అమీర్‌పేట గది, నెలాఖరు, ఉప్పుకీ డబ్బుల్లేని రోజు" అని ఒక్క వాక్యం రాసి, కింద "మీకు ఈయన వండి పెట్టింది ఏంటో చెప్పండి" అని అడుగుతున్నాను. సంక్రాంతికి పిల్లలందరికీ ఉప్మా చేసి పెట్టాడు, వాళ్లు రాస్తారు. బావా, మనవాడా అన్నది రేపు పొద్దున్నలోపు తేల్చండి.