(3, 2) బిందువు రెండు పరిమితులనూ దాటుతున్నప్పుడు ఒక్కటే యాక్టివ్ ఎందుకవుతోంది?

గుంటూరు_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఎమ్మెస్సీ గణితం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆప్టిమైజేషన్‌లో ఒక చిన్న లెక్క దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. (x − 3)² + (y − 2)² విలువను వీలైనంత తగ్గించాలి. పరిమితులు రెండే: x + y ≤ 4, x ≤ 1. పరిమితులు లేకపోతే సమాధానం (3, 2) అని చూడగానే తెలుస్తోంది. అది రెండు పరిమితులనూ దాటిపోతోంది కాబట్టి రెండూ యాక్టివ్ అనుకుని, రెండింటినీ సమీకరణాలుగా రాసి సాధిస్తే (1, 3) వచ్చింది. అక్కడ విలువ 5. నా పక్కన కూర్చునే మిత్రుడికి మాత్రం (1, 2) వచ్చింది, విలువ 4. అతనిది తక్కువ కాబట్టి అతనే ఒప్పు అని తెలుసు, కానీ నా పద్ధతిలో తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడం లేదు.

కృష్ణలంక_ట్యూషన్

మీ పద్ధతిలో తప్పేమీ లేదండీ, కూడికలు ఒకసారి సరిచూసుకోండి. పరిమితులు లేని సమాధానం ఏ పరిమితిని దాటుతుందో అది చివరికి యాక్టివ్ అవుతుంది, దాటనిది ఇనాక్టివ్‌గా మిగులుతుంది. నేను పిల్లలకు ఏళ్ల తరబడి ఇలాగే చెబుతున్నాను, ఎప్పుడూ తేడా రాలేదు.

బెజవాడ_మాస్టారు

ట్యూషన్ గారూ, మీరు చెప్పిన సూత్రం ఒకే ఒక పరిమితి ఉన్న ఇలాంటి కుంభాకార లెక్కలకు ఖచ్చితంగా నిలబడుతుంది. మీ పిల్లలకు తేడా రాకపోవడానికి కారణం బహుశా అదే. పరిమితులు రెండయితే ఆ హామీ పోతుంది, ఎందుకంటే ఒక పరిమితి మనల్ని వెనక్కి జరిపినప్పుడు, ఆ జరగడంతోనే రెండోది కూడా తీరిపోవచ్చు.

అబ్బాయి (1, 3) దగ్గర ఆగిపోయాడు కదా, అక్కడే నిలబడి చూద్దాం. ఆ బిందువు రెండు గోడలు కలిసే మూల. x = 1 అనే నిలువు గోడను ఆనుకునే కిందికి దిగుతూ y ని 3 నుంచి 2 కు తగ్గించండి. x + y విలువ 4 నుంచి 3 కు పడుతుంది, అంటే ఏటవాలు గోడకు దూరంగా, లోపలికే వస్తున్నాము. ఏ నియమాన్నీ మీరలేదు. తగ్గించవలసిన విలువ మాత్రం 5 నుంచి 4 కు దిగింది. కాబట్టి మూలలో ఆ రెండో గోడ మనల్ని ఆపడం లేదు, మనమే దానికి అనవసరంగా అతుక్కుని నిలబడ్డాము.

ఈ సంగతినే మల్టిప్లయర్ గుర్తు చెబుతుంది. (1, 3) దగ్గర గ్రేడియంట్ (−4, 2). విలువ తగ్గే దిశ దానికి వ్యతిరేకం, అంటే (4, −2). మన గమనం ఆ దిశలో సాగకుండా గోడలు ఆపాలంటే, ఆ దిశ గోడల లంబ దిశలు (1, 1), (1, 0) ల కలయికగా రావాలి:

(4, −2) = λ₁(1, 1) + λ₂(1, 0)

రెండో భాగం నుంచి λ₁ = −2, ఆపైన λ₂ = 6. గోడ మనల్ని నెట్టగలదు గానీ తన వైపు లాక్కోలేదు. λ₁ రుణాత్మకంగా వచ్చిందంటే, అక్కడ నిలబడటానికి ఏటవాలు గోడ మనల్ని పట్టి లాగవలసి వస్తోందని అర్థం. అందువల్ల దాన్ని వదిలేసి, x = 1 ఒక్కదాన్నే ఉంచి మళ్లీ సాధించాలి. అప్పుడు (1, 2), λ₂ = 4, మొదటి పరిమితిలో ఇంకా 1 ఖాళీ. గుర్తు సరిపోయింది, రెండు పరిమితులూ నెరవేరాయి.

తారుమారుగా x + y = 4 ఒక్కదాన్నే ఉంచి ఉంటే (2.5, 1.5) వచ్చేది, అది x ≤ 1 ను మీరుతుంది కాబట్టి చెల్లదు. ఏది ఉంచాలో ముందే తెలియదు. అనుకుని, సాధించి, గుర్తునూ ఖాళీనీ చూసి సరిచేసుకోవాలి.

మిర్చి_లెక్కలు

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను గుంటూరులో తేజ, 334 రకాలు కొని కోల్డ్ స్టోరేజీలో పెడుతుంటాను. ఏ రకం ఎంత కొనాలో కంప్యూటర్‌లో లెక్క వేయించాను. 400 టిక్కీలకు చోటు ఉండగా, 310 దగ్గరే డబ్బు అయిపోయింది. అంటే చోటు పరిమితి ఇనాక్టివ్ అన్నమాట. ఇక దాన్ని లెక్కలోంచి శాశ్వతంగా తీసేయవచ్చు కదా?

బెజవాడ_మాస్టారు

ఈ రోజు ధరలకు తీసేసినా మీ సమాధానం మారదు, ఎందుకంటే మీది సరళ రేఖల లెక్క. అయితే యాక్టివ్, ఇనాక్టివ్ అనేవి పరిమితికి పుట్టుకతో వచ్చే గుణాలు కావు, ఆ సమాధానం దగ్గర మాత్రమే చెప్పగలిగే మాటలు. రెండు రకాల ధరలూ నాలుగో వంతు పడితే అదే డబ్బుకు అదే పాళ్లలో సుమారు 413 టిక్కీలు వస్తాయి, అప్పుడు చోటే మిమ్మల్ని ఆపుతుంది. అందుకే దాన్ని ఉంచండి.

కుంభాకారం కాని లెక్కలలో అయితే ఈ రోజుకు కూడా తీసేయకూడదు. −x² ను −1 ≤ x ≤ 2 మధ్య తగ్గించమంటే సమాధానం x = 2, ఎడమ పరిమితి ఇనాక్టివ్. దాన్ని తీసేసి చూడండి, x ఎడమ వైపు అంతు లేకుండా పోతుంది.

ఆటోనగర్_కోడ్

చేతి లెక్కను సరిచూసుకోవాలనుకునే వారికి ఇది పనికొస్తుంది. SciPy లో `ineq` అంటే ఇచ్చిన విలువ సున్నా లేక అంతకంటే ఎక్కువ అని. ≤ అనుకుని రాసి నేను ఒకసారి సగం రోజు పోగొట్టుకున్నాను.

```python
from scipy.optimize import minimize
f = lambda v: (v[0]-3)**2 + (v[1]-2)**2
c = [{'type': 'ineq', 'fun': lambda v: 4 - v[0] - v[1]},
     {'type': 'ineq', 'fun': lambda v: 1 - v[0]}]
r = minimize(f, [0, 0], method='SLSQP', constraints=c)
print(r.x, [k['fun'](r.x) for k in c])
```

రెండో జాబితాలో కనిపించేవే ఖాళీలు. మొదటిది 1 కి దగ్గరగా, రెండోది సున్నాకు దగ్గరగా వస్తాయి. అది అచ్చంగా సున్నాగా రాకపోవచ్చు కాబట్టి `== 0` అని పోల్చకండి, 1e-6 వంటి చిన్న హద్దు పెట్టుకోండి.

గుంటూరు_ఎమ్మెస్సీ

మాస్టారూ, మీరు చెప్పిన తర్వాత కుడి వైపు 4 ను మార్చి చూశాను. 2 పెడితే సమాధానం (1, 1), λ₁ = 2, λ₂ = 2, అంటే రెండూ యాక్టివ్. 3 పెట్టినప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. సమాధానం (1, 2) గానే ఉంది, అది x + y = 3 మీదే పడుతోంది, కానీ λ₁ సున్నా వస్తోంది. దీన్ని యాక్టివ్ అనాలా, ఇనాక్టివ్ అనాలా?

బెజవాడ_మాస్టారు

ఖాళీ సున్నా కాబట్టి యాక్టివే. గోడను తాకుతున్నాము, కానీ దాని మీద బరువు వేయడం లేదు. అలాంటివాటిని బలహీనంగా యాక్టివ్ అంటారు.

ఆటోనగర్_కోడ్

నిర్వచనం ప్రకారం మాస్టారి మాట నిజమే, కానీ ఫలితాలు అడిగేవారికి నేను λ సున్నా కంటే స్పష్టంగా ఎక్కువ ఉన్నవాటినే యాక్టివ్‌గా చూపిస్తాను. వారికి కావలసింది ఏ పరిమితిని సడలిస్తే లాభమో తెలుసుకోవడం. 3 ను పెంచినంత మాత్రాన వారికి ఏమీ కలిసిరాదు.

బెజవాడ_మాస్టారు

పెంచితే కలిసిరాదు, బిగిస్తే నష్టం ఉంది. 3 ను 2.99 చేయండి: సమాధానం (1, 1.99), λ₁ = 0.02, విలువ 4.0001. నష్టం చాలా స్వల్పం గానీ లేకపోలేదు. జాబితాలో చూపకపోతే, కొంచెం బిగించగానే అది ఎక్కడి నుంచి వచ్చిందని వారు మిమ్మల్నే అడుగుతారు.

ఆటోనగర్_కోడ్

పరిమితులు రెండయితే చూపిస్తానండీ. నా దగ్గర వందల కొద్దీ ఉన్నప్పుడు, ఖాళీ 1e-7, λ కూడా 1e-7 వచ్చినవి పదుల సంఖ్యలో కనిపిస్తాయి. వాటిలో ఏది నిజంగా తాకుతోందో, ఏది ప్రోగ్రాం ముందే ఆగిపోవడం వల్ల అలా కనిపిస్తోందో చెప్పడానికి నాకు ఇంతవరకు నమ్మకమైన హద్దు దొరకలేదు. ఎవరైనా వాడుతుంటే చెప్పండి.