అరబ్బీ మాత్రమే తెలిసిన యజమానిని అనుభవ ధ్రువపత్రం ఎలా అడగాలి?

జగిత్యాల ఏసీ మెకానిక్: దమ్మామ్‌లో చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో పని చేస్తున్నాను. వచ్చే నెల ఒప్పందం ముగుస్తుంది, పొడిగించడం లేదు. యజమాని సౌదీ ఆయన. మంచివాడే, కానీ అరబ్బీ తప్ప మరో భాష రాదు. పైగా కాగితం అనగానే అనుమానపడతాడు. నాకు వచ్చిన అరబ్బీ పని వరకే. మర్యాద తగ్గకుండా రెండు మాటల్లో ఎలా అడగాలి? ఇంకో చిక్కు: ఇఖామా కార్డులో నా వృత్తి ‘ఆమిల్’, అంటే మామూలు కూలీ అని ఉంది, చేసేది ఏసీ పని.

నిజామాబాద్ డ్రైవర్: ఇందులో బతిమాలేది ఏముంది అన్నా? అడిగితే ఇచ్చి తీరాలని చట్టంలోనే ఉంది. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకు వెళతానని చెప్పండి. నేను ఇంటి డ్రైవర్‌ని, రేపు నేనైనా అదే చేస్తాను.

ఖోబర్ అకౌంట్స్: చట్టం మాట నిజమే. సౌదీ కార్మిక చట్టం 64వ అధికరణ ప్రకారం, కార్మికుడు అడిగితే రుసుము లేకుండా సేవా ధ్రువపత్రం ఇవ్వాలి. చేరిన తేదీ, మానిన తేదీ, వృత్తి, చివరి జీతం అందులో ఉండాలి. అతని పేరుకు మచ్చ తెచ్చే మాట రాయకూడదు. అయితే ఇంటి డ్రైవర్లు ఆ చట్టం కిందికి రారు తమ్ముడూ, మీకు వేరే నిబంధనలు.

జగిత్యాల అన్నా, చట్టం పేరు మొదటి రోజే ఎత్తకండి. మా ఆఫీసుకు వచ్చే ఇలాంటి వాయిస్ మెసేజ్‌లు ముందు వినేది నేనే. యజమానికి భయం కాగితం గురించి కాదు, దాని వెనక ఏదైనా కేసు ఉందేమోనని. అందుకే బకాయిల సంగతీ ఇదీ ఒకే మెసేజ్‌లో కలపవద్దు. కాగితం మీరే ముందు తయారు చేసుకుని, అసర్ నమాజు అయ్యాక ఇది పంపండి:

“అస్సలాము అలైకుమ్ యా అబూ ఫలానా. అల్లాహ్ యఅతీక్ అల్ ఆఫియా. లౌ సమహ్త్, అబ్గా షహాదత్ ఖిబ్రా. అల్ వరఖా జాహిజా, బస్ తౌఖీఅ్ వ ఖత్మ్. షుక్రన్.”

కాగితం సిద్ధంగా ఉంది, సంతకం, ముద్ర చాలు అన్నారంటే ఆయన భారం సగం తగ్గినట్టే. ‘ఫలానా’ చోట ఆయన పెద్ద కొడుకు పేరు పెట్టండి. అంతకు మించి పొగడ్తలు వద్దు. పొగడ్త పెరిగేకొద్దీ అప్పు అడుగుతాడేమో అనుకుంటారు!

రాయచోటి కువైట్: నాకూ కాగితం కావాల్సి వచ్చి పోలీసు క్లియరెన్స్ తెచ్చుకున్నాను. అది సరిపోదా?

ఖోబర్ అకౌంట్స్: అది మీ మీద కేసులు లేవని చెబుతుంది, పని చేశారని చెప్పదు.

కాగితం సంగతి చెబుతాను. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక వైపు అరబ్బీ, మరో వైపు ఇంగ్లీషు ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించండి, ఇఖామా నంబరు వేయించండి. తేదీలు రెండు క్యాలెండర్లలోనూ ఉండాలి. ముహర్రం 1445 అని ఒక్కటే ఉంటే, అది 2023 జూలై, ఆగస్టుల నాటి మాట అని హైదరాబాద్‌లో చదివేవారికి తెలియదు. కింద ఫోన్ నంబరు తప్పనిసరి, కొత్త కంపెనీవాళ్లు ఫోన్ చేస్తారు. వీలైతే వాణిజ్య మండలి ధ్రువీకరణ కూడా చేయించమని అడగండి. ఫైనల్ ఎగ్జిట్ పడకముందే చేతికి రావాలి. దేశం దాటాక మీ మెసేజ్ ఎవరూ తెరవరు.

జగిత్యాల ఏసీ మెకానిక్: మరి ‘ఆమిల్’ సంగతి? ఏసీ టెక్నీషియన్ అని రాయమంటే రాస్తాడా?

ఖోబర్ అకౌంట్స్: అక్కడే చిక్కు. ఇఖామాలో ఉన్న వృత్తి కాకుండా వేరే పని చేయించాడని తన సంతకంతోనే ఒప్పుకున్నట్టు అవుతుంది, జరిమానా పడుతుందని భయం. కాబట్టి వృత్తి గడిలో ఇఖామాలోదే ఉండనివ్వండి. కింద ఒక్క వాక్యం అడగండి: స్ప్లిట్ ఏసీల బిగింపు, గ్యాస్ నింపడం వంటి పనుల్లో సహకరించాడు అని. మా వాళ్లు ఒకరికి రాసి ఇచ్చారు, ఇంకొకరికి ఇవ్వలేదు.

దుబాయ్ సైట్ సూపర్‌వైజర్: ఆ ఒక్క వాక్యం కూడా నిలబడదు. మేము మనిషిని తీసుకునేటప్పుడు వృత్తి గడే చూస్తాం. దానికంటే పని చేయించి చూడటం మేలు.

ఖోబర్ అకౌంట్స్: మీ దగ్గర అలా ఉండవచ్చు. కానీ ఊళ్లో ఏజెంటు ముందు వడపోసేది కాగితం చూసే కదా. పని చూపించే అవకాశం ఆ తర్వాతే వస్తుంది.

కోనసీమ అమ్మాయి: నేను కువైట్‌లో ఒక పెద్దావిడను చూసుకుంటున్నాను. ఇంట్లో లెటర్‌హెడ్, ముద్ర ఎక్కడివి? మా మేడమ్‌ని “లౌ సమహ్తి మామా” అని అడిగితే తెల్ల కాగితం మీద అరబ్బీలో చేత్తో రాసి, సంతకం పెట్టి, తన ఫోన్ నంబరు వేసి ఇచ్చింది. ఊళ్లో నర్సింగ్ హోంలో పనికి ఇది చూపిస్తే ఒప్పుకుంటారా? అలా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.