రిటెన్షన్ విడుదల, తుది లెక్క: ఒకే లేఖలో అడగాలా, వేర్వేరుగా అడగాలా?

నిర్మాణి: లోపాలు సరిచేయవలసిన డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ముగిసింది. బిల్లుల్లోంచి పట్టి ఉంచిన రిటెన్షన్ సొమ్ములో మిగిలిన సగం అడిగితే, ముందు తుది లెక్క అంటే ఫైనల్ అకౌంట్, దానితోపాటు ఇక ఏ క్లెయిమూ లేదనే నో క్లెయిమ్ సర్టిఫికెట్ ఇవ్వమని యజమాని అంటున్నారు. రాతి తవ్వకం ఎక్‌స్ట్రా ఐటమ్ మీద తగాదా ఇంకా తేలలేదు. ఒప్పందం 1999 నాటి ఫిడిక్ ఎర్ర పుస్తకం అనే అంతర్జాతీయ నిర్మాణ ఒప్పంద నమూనా ప్రకారం. రెండూ కలిపి అడగాలా, విడివిడిగా అడగాలా?

కొలతలపుస్తకం: విడివిడిగానే అడగండి. మీ ఒప్పందంలో రిటెన్షన్‌కు 14.9, తుది లెక్కకు 14.11 అని వేర్వేరు నిబంధనలు ఉన్నాయి, వాటి గడియారాలు కూడా వేరు. ప్రత్యేక షరతుల్లో మార్పు లేకపోతే, అన్ని భాగాల గడువుల్లో చివరిది ముగిసిన వెంటనే ఇంజనీరు మిగిలిన రిటెన్షన్‌ను ధ్రువీకరించాలి. తుది లెక్క ముసాయిదా మాత్రం మీ బాధ్యతలు పూర్తయ్యాయని ఇంజనీరు ఇచ్చే పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ అందాక 56 రోజుల్లో మీరు ఇవ్వవలసినది. మొదటిదాన్ని రెండోదానికి ముడిపెట్టే మాట 14.9లో ఎక్కడా లేదు. మొత్తం పని విలువ, విడుదలైన సగం, మిగిలిన లోపాలు చెప్పండి, లెక్క వేసి చూపిస్తాను.

క్లయింట్‌పక్షం: ఇక్కడ అందరూ గడువు తేదీనే పట్టుకుంటున్నారు. తేదీ దాటినంత మాత్రాన బాధ్యత తీరదు. పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ వచ్చేదాకా పని అంగీకరించినట్టు కాదని 11.9 స్పష్టంగా చెబుతోంది. ఆ సర్టిఫికెట్ చేతిలో లేకుండా రిటెన్షన్ అడగడం తొందరపాటు. నేను యజమానుల తరఫున బిల్లులు పరిశీలిస్తాను. ఒకే స్టేట్‌మెంట్, ఒకే పరిశీలన, ఒకే చెల్లింపు అయితే ఇద్దరికీ మేలు.

సబ్‌కాంట్రాక్టర్: నా సంగతీ ఇలాంటిదే. నేను వేసిన వాటర్‌ప్రూఫింగ్‌లో ఒక్క లోపం కూడా నమోదు కాలేదు. అయినా తమకు పైనుంచి రాలేదంటూ మెయిన్ కాంట్రాక్టర్ నా రిటెన్షన్‌ను ఆపేశారు. పైవాళ్ల తుది లెక్క తేలేవరకు నేనెందుకు ఆగాలి?

కొలతలపుస్తకం: సబ్‌కాంట్రాక్టర్ గారూ, మీ సబ్‌కాంట్రాక్టులో పైనుంచి అందాకే చెల్లిస్తామన్న షరతు ఉందో లేదో ముందు చూడండి. అలాంటి షరతు చెల్లుతుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి దానికి వేరే చర్చ పెట్టండి. క్లయింట్‌పక్షం గారు 11.9 గురించి చెప్పింది నిజమే. అయితే పని అంగీకారాన్ని, రిటెన్షన్ విడుదలను ఆయన ఒకటిగా చూస్తున్నారు. లోపం మిగిలి ఉంటే, దాన్ని సరిచేయడానికి అయ్యే అంచనా ఖర్చు మేరకు మాత్రమే ధ్రువీకరణను ఆపవచ్చని 14.9 చెబుతోంది. మొత్తాన్ని ఆపే హక్కు అందులో లేదు.

నిర్మాణి: తగాదా లేని పని విలువ 250 లక్షలు, రిటెన్షన్ 5 శాతం, సగం యజమాని పనిని స్వాధీనం చేసుకున్న టేకింగ్ ఓవర్ అప్పుడే వచ్చింది. బేస్‌మెంట్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ దగ్గర నీటి చెమ్మ గురించి గడువు లోపలే నోటీసు ఇచ్చారు. దాని మరమ్మతుకు 75 వేలు అవుతుందని ఇంజనీరు అంచనా. రాతి తవ్వకానికి మేము అడుగుతున్నది 9 లక్షలు.

కొలతలపుస్తకం: అయితే మొత్తం రిటెన్షన్ 12.5 లక్షలు, అందులో మిగిలింది 6.25 లక్షలు. చెమ్మ మరమ్మతుకు 75 వేలు పక్కన పెడితే, ఇప్పుడు మీకు 5.5 లక్షలు ధ్రువీకరించాలి. మీ మొదటి లేఖలో ఈ లెక్క, టేకింగ్ ఓవర్ తేదీ, గడువు ముగిసిన తేదీ, లోపాల జాబితాలో ఏది ఎప్పుడు సరిచేశారో, ఎవరు సంతకం చేశారో ఉంటే చాలు. రాతి తవ్వకం ప్రస్తావన అందులో అసలు రాకూడదు.

తుది లెక్క ముసాయిదాలో పని విలువ 250, తగాదాలో ఉన్న 9, కలిపి 259 లక్షలు చూపండి. ఇప్పటిదాకా అందిన 243.75 తీసివేస్తే 15.25 వస్తుంది. జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ఆ 15.25లో రిటెన్షన్ కూడా ఉంది. 5.5 లక్షలు ఈలోగా చేతికి వస్తే, అందిన మొత్తం 249.25 అవుతుంది, మీరు అడిగేది 9.75కి తగ్గుతుంది. ఆ సవరణ చేయకుండా పంపితే ఒకే సొమ్మును రెండుసార్లు అడిగినట్టవుతుంది, దాంతో స్టేట్‌మెంట్ మొత్తం మీద అనుమానం వస్తుంది. ఇంకో ప్రశ్న. ఆ 9 లక్షలను టేకింగ్ ఓవర్ సర్టిఫికెట్ అందాక 84 రోజుల్లో ఇచ్చే కంప్లీషన్ స్టేట్‌మెంటులో చూపారా? అందులో గాని తుది స్టేట్‌మెంటులో గాని, ఏ ఒక్కదానిలో లేకపోయినా పాత క్లెయిమును యజమాని చెల్లించనక్కర లేదని 14.14 అంటుంది.

నిర్మాణి: చూపాము, అందినట్టు సంతకం కూడా ఉంది.

క్లయింట్‌పక్షం: లెక్క బాగానే ఉంది. యజమాని గోడు మాత్రం ఎవరికీ పట్టడం లేదు. మా ప్రాజెక్టు ఒకదానిలో రిటెన్షన్ ఇచ్చేసిన తర్వాత రన్నింగ్ బిల్లుల్లో ప్లాస్టరింగ్ కొలతలు రెండుసార్లు ఎక్కాయని తేలింది. అప్పటికి బ్యాంకు గ్యారంటీ కూడా తిరిగి ఇచ్చేశాము. కాంట్రాక్టర్ ఫోను ఎత్తలేదు. ఆ డబ్బు ఎవరు తెచ్చిస్తారు? తుది లెక్క తేలకముందే రిటెన్షన్ వదలమని చెప్పేవారు ఆ నష్టాన్ని భరిస్తారా?

కొలతలపుస్తకం: మీ నష్టానికి నిర్మాణి గారు హామీదారు కారు! ఎక్కడో ఎవరో పారిపోయారని నిజాయితీగా పనిచేసిన ప్రతి ఒక్కరి డబ్బునూ తాళంవేసి ఉంచుతామంటే అది ఒప్పందం కాదు, బలవంతం.

క్లయింట్‌పక్షం: నన్ను దోపిడీదారుడిగా చిత్రించకండి. నేను చెబుతున్నది ఒక్కటే. రిటెన్షన్ యజమాని చేతిలోని చివరి భద్రత. అది లోపాలకు మాత్రమే కాదు, మొత్తం లెక్కకు భద్రత.

కొలతలపుస్తకం: మన అసలు తేడా ఇప్పుడు బయటపడింది. మీ దృష్టిలో అది లెక్కంతటికీ తాకట్టు. నా దృష్టిలో అది ఇప్పటికే కొలిచి, ధ్రువీకరించి, లోపాల కోసం మాత్రమే నిలిపి ఉంచిన కాంట్రాక్టర్ సంపాదన. కొలతలు రెండుసార్లు ఎక్కితే తర్వాతి సర్టిఫికెట్‌లో సరిదిద్దే అధికారం 14.6లో ఇంజనీరుకు ఉంది. యజమాని తన క్లెయిము కింద కోత పెట్టాలంటే 2.5 ప్రకారం వివరాలతో నోటీసు ఇవ్వాలి. ఏదో తప్పు ఉండవచ్చన్న అనుమానంతో ఆపడానికి మాత్రం దారి లేదు.

గణకుడు: నో క్లెయిమ్ సర్టిఫికెట్ గురించి ఎవరూ చెప్పలేదు. నిర్మాణి గారూ, లెక్క పూర్తిగా తీరినట్టు 14.12 కింద రాసిచ్చే డిశ్చార్జి తుది స్టేట్‌మెంటుతో వెళ్లేదే, రిటెన్షన్ లేఖతో వెళ్లేది కాదు. అందులో కూడా మిగిలిన మొత్తం, పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ చేతికి అందాకే ఇది అమల్లోకి వస్తుందని రాసుకునే వీలు ఆ నిబంధనే ఇస్తోంది. ఏ క్లెయిమూ లేదని ఇప్పుడే సంతకం చేస్తే, 5.5 లక్షల కోసం 9 లక్షలను వదులుకున్నట్టే.

నిర్మాణి: మా యజమాని ఆ సంతకమే కావాలంటున్నారు. జీతాలకు డబ్బు అవసరం కాబట్టి మా భాగస్వామి సంతకం చేద్దామంటున్నారు.

క్లయింట్‌పక్షం: అనుమానంతో ఆపకూడదన్న మాట ఒప్పుకుంటాను. కొలతల పునఃపరిశీలనకు యజమాని తేదీ వేసి రాతపూర్వకంగా గడువు అడిగితే, ఆ గడువు మేరకైనా ఆగడం న్యాయమని ఇప్పటికీ అంటాను.

కొలతలపుస్తకం: ఇంజనీరు ధ్రువీకరణను ఆ గడువు ఆపదు, అక్కడ నేను మీతో ఏకీభవించను. నిర్మాణి గారూ, రిటెన్షన్ లేఖను ఈ వారమే పంపండి. అది ఇంజనీరుకు వెళ్లాలి, యజమానికి ప్రతి మాత్రమే. పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్ చివరి గడువు తర్వాత 28 రోజుల్లో రావాలి గాని, చెమ్మ లోపం సరిచేయకపోతే అదీ ఆగుతుంది, దానితో మీ తుది లెక్కా ఆగుతుంది. ఆ జాయింటు మరమ్మతు ఎప్పుడు మొదలుపెడుతున్నారు?